866 అంకెను నమ్మి చేసిన పొరపాటు

ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కిందికి జరిపితే ఒక వరుస కనబడుతుంది. మా ఇంట్లో అది ఇలా ఉండేది:

```
Link speed (Receive/Transmit): 866/866 (Mbps)
```

ఈ ఒక్క వరుసను తప్పుగా అర్థం చేసుకుని నేను కొన్ని నెలల పాటు అవసరం లేని ప్లాన్‌కి డబ్బు కట్టాను. లైన్ చూడ్డానికి వచ్చిన కుర్రాడి మీద గొంతు కూడా పెంచాను. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ ఆ రెండోది ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ఆ రోజు అతను చెప్పిందే నిజం.

మాది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. కెమెరా వాళ్లు ఫుటేజీని క్లౌడ్‌లో పెడతారు, నేను దింపుకుంటాను. ఒక్కో పెళ్లికి 40 జీబీ అంటే మామూలే. అప్పట్లో మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ మొదలుపెడితే బ్రౌజర్‌లో 11.2 MB/s అని పడేది, అంతకు మించి కదిలేది కాదు. 40 జీబీ దిగడానికి గంట పట్టేది. అటు చూస్తే 866, ఇటు చూస్తే 11.

ఇందులో సగం తేడా బిట్లకీ బైట్లకీ మధ్య ఉన్నదేనని నాకు అప్పటికే తెలుసు. లింక్ స్పీడునీ ప్లాన్‌నీ బిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్‌ని బైట్లలో చూపిస్తారు. ఒక బైటుకి ఎనిమిది బిట్లు. 866ని ఎనిమిదితో భాగించినా 108 రావాలి కదా, 11 ఏమిటి? ప్లాన్ చిన్నది కాబట్టి అనుకుని 300కి పెంచాను. మర్నాడు చూస్తే మళ్లీ అదే 11.2.

కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. ఫైబర్ వచ్చి ఆగే చిన్న పెట్టె, వాళ్లు ఓఎన్‌టీ అంటారు, మా తలుపు పైన ఉంటుంది. అందులోంచి రౌటర్‌కి వెళ్లే కేబుల్ తీసేసి, తన ల్యాప్‌టాప్‌ని తన వైరుతో నేరుగా పెట్టెకే తగిలించి స్పీడ్ టెస్ట్ చేశాడు. 300 దాటింది. "బాక్స్ దాకా ఫుల్ వస్తోంది సార్. తర్వాతది మీ వైరింగో, మీ రౌటరో చూసుకోవాలి" అన్నాడు. నేను నా ల్యాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టాను. "ఇదిగో, రౌటర్‌తో నాకు 866 ఉంది. ఇంట్లో ఏ లోపమూ లేదు. మీ కంపెనీ సర్వర్ మీద మీరే టెస్ట్ చేసుకుంటే 300 రాక ఏమవుతుంది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను ఎదురు చెప్పకుండా సంతకం తీసుకుని వెళ్లిపోయాడు.

నా వాదనలో రెండు తప్పులు ఉన్నాయి. 866 అంటే నా డేటా నిజంగా ఆ వేగంతో నడుస్తోందని అనుకోవడం ఒకటి. ఆ అంకె ఇల్లంతటికీ పూచీ పడుతుందని అనుకోవడం రెండోది. మొదటిది అర్థం కావడానికి ఆ 866 ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి.

అది కొలిచిన అంకె కాదు, గుణించి తీసిన అంకె. మా రౌటర్ వైఫై 5, అంటే 802.11ac రకం. అది 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ వాడుకుంటుంది. ఆ వెడల్పులో డేటా మోసే సన్నని ఉప తరంగాలు 234 ఉంటాయి. సిగ్నల్ చాలా బాగున్నప్పుడు ఒక్కోటి ఒక విడతలో 8 బిట్లు మోస్తుంది. అందులో ఆరింట ఒక వంతు తప్పులు సరిదిద్దుకోవడానికి పోతుంది, మిగిలిన అయిదు వంతులే డేటా. అంటే ఒక విడతకి 1,560 బిట్లు. నా ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ రెండేసి యాంటెన్నాలు ఉన్నాయి కాబట్టి ఒకేసారి రెండు ధారలు నడుస్తాయి, మొత్తం 3,120 బిట్లు. ఒక విడతకి పట్టే సమయం 3.6 మైక్రోసెకన్లు. 3,120ని 3.6తో భాగిస్తే 866.67. సెట్టింగ్స్‌లో కనబడే అంకె ఇదే.

అంటే ఫ్రేమ్‌లోని డేటా భాగం గాలిలో ఉన్న ఆ క్షణంలో బిట్లు ఎంత జోరుగా పోతాయో చెప్పే అంకె ఇది. ఫ్రేమ్‌కి ముందు ఎంతసేపు ఆగాల్సి వచ్చింది, తర్వాత ఏం జరిగింది అన్నది ఇందులో లేదు. వైఫైలో అసలు ఖర్చంతా అక్కడే ఉంది.

ఒక్క ప్యాకెట్ తీసుకుని చూద్దాం. మామూలు ప్యాకెట్ 1,500 బైట్లు, అంటే 12,000 బిట్లు. 866 వేగంతో అది గాలిలో ఉండేది 14 మైక్రోసెకన్లే. అయితే రౌటర్ దాన్ని వెంటనే పంపకూడదు. ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో విని, సాధారణ డేటాకైతే 43 మైక్రోసెకన్లు ఊరుకోవాలి. తర్వాత 0 నుంచి 15 దాకా ఏదో ఒక సంఖ్య యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఒక్కోదానికి 9 మైక్రోసెకన్ల చొప్పున మళ్లీ ఆగాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి గుద్దుకోకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. సగటున ఇదో 67. ఆ తర్వాత "వస్తున్నాను, ఈ పద్ధతిలో పంపుతున్నాను" అని చెప్పే ముందుమాట ఒకటి పోవాలి. దీన్ని ప్రియాంబుల్ అంటారు, 44 మైక్రోసెకన్లు పడుతుంది. దాని మొదటి భాగం పాత పరికరాలకు కూడా అర్థమయ్యే నెమ్మది పద్ధతిలోనే పోతుంది. ఆ తర్వాతే మన 14 మైక్రోసెకన్ల డేటా. అది అందాక మరో 16 మైక్రోసెకన్లు ఆగి ల్యాప్‌టాప్ "అందింది" అని జవాబు పంపుతుంది, అది ఇంకో 30 దాకా. అన్నీ కలిపితే దాదాపు 214 మైక్రోసెకన్లు. 12,000 బిట్లకు 214 మైక్రోసెకన్లు పట్టిందంటే అసలు వేగం 56 ఎంబీపీఎస్! అప్పుడు కూడా తెర మీద 866 అనే ఉంటుంది, అది అబద్ధమూ కాదు.

ఇంత నష్టం ఎవరూ భరించలేరు కాబట్టి వైఫై చాలా ప్యాకెట్లను ఒకే మూటగా కట్టి పంపుతుంది. ఒకే నిరీక్షణ, ఒకే ముందుమాట, చివర అన్నిటికీ కలిపి ఒకే జవాబు. 60 ప్యాకెట్లను కలిపితే డేటాకి 840 మైక్రోసెకన్లు, పై ఖర్చు అదే 200. ఇప్పుడు వేగం 690 దాకా వస్తుంది. పెద్ద ఫైలు దించేటప్పుడు ఇలా మూటలు బాగా కడతాయి. చిన్న చిన్న ఫైళ్లు వందల్లో ఉంటే, లేదా వీడియో కాల్ లాంటివైతే, కట్టడానికి అన్ని ప్యాకెట్లే చేతిలో ఉండవు.

690 కూడా కాగితం మీది లెక్కే. డౌన్‌లోడ్ అంటే డేటా ఇటు రావడమొక్కటే కాదు, అందుకున్నట్టు టీసీపీ రసీదులు అటు వెళ్తుంటాయి. వాటికీ ఇదే గాలి కావాలి. ఇక్కడే నేను ఇంకో పొరపాటు పడ్డాను. 866/866 అని రెండుసార్లు ఉంది కాబట్టి రానూ పోనూ వేరువేరు దారులు ఉన్నాయనుకున్నాను. లేవు. ఒకే ఛానల్, ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. ఊరి సభలో ఉన్న ఒక్క మైకును అందరూ వంతులవారీగా అందుకున్నట్టే, రౌటర్, ల్యాప్‌టాప్, ఫోన్లు, టీవీ, అదే ఛానల్‌లో ఉన్న పక్క ఫ్లాట్ వాళ్ల రౌటర్ అన్నీ ఒకే గాలిని పంచుకుంటాయి.

అందులో నిదానంగా మాట్లాడేవాడు ఉంటే అందరి సమయమూ పోతుంది. మా పడకగదిలో టీవీ ఉంది, దానికి రెండు గోడల అడ్డం. దాని లింక్ 65 దగ్గర ఉంటుంది. అందులో 20 ఎంబీపీఎస్ వీడియో నడిస్తే, ఉన్న గాలి సమయంలో మూడో వంతు పైనే అది ఒక్కటే తీసుకుంటుంది. 20 అంటే 866 ముందు ఎంత అనిపిస్తుంది. లెక్కపెట్టాల్సింది ఎన్ని బిట్లు అని కాదు, వాటికి ఎంతసేపు పట్టింది అని. మిగిలిన సమయంలోనే నా ల్యాప్‌టాప్ సర్దుకోవాలి. దాని లింక్ స్పీడు మాత్రం 866 దగ్గర నుంచి ఒక్క అంకె కూడా తగ్గదు, ఎందుకంటే నా వంతు వచ్చినప్పుడు నేను అదే జోరుతో అందుకుంటున్నాను.

ఇవన్నీ కలిసి, 866 చూపించే ల్యాప్‌టాప్‌కి రౌటర్ ఉన్న గదిలోనే, గాలి ఖాళీగా ఉన్నప్పుడు, 500 నుంచి 600 దాకా నిజంగా వస్తే అది చాలా మంచి వైఫై. ఇరుగుపొరుగు రౌటర్లు నిండిన అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదింటికి సగం కూడా రాకపోవచ్చు.

కానీ మా ఇంట్లో వస్తున్నది సగం కాదు, పదో వంతు. దీనికి గాలి మీద నేరం మోపలేం. ఆ సంగతి పట్టుకున్నది మా బావమరిది. అతను ఆఫీసులకు నెట్‌వర్క్ కేబుళ్లు లాగే పని చేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు నేను కంపెనీని తిట్టుకుంటుంటే విని, "బావా, స్పీడ్ టెస్ట్‌లో ఎంత ఆగుతోంది?" అని అడిగాడు. 94 అన్నాను. "ఎప్పుడూ 94 ఏనా? పగలూ రాత్రీ?" అవునన్నాను. "అయితే అది వైఫై కాదు, కంపెనీ కాదు. ఎక్కడో ఒక పోర్టు హండ్రెడ్‌లో కూర్చుంది" అన్నాడు, ఇంకా ఏదీ తాకి చూడకుండానే.

ఎలా చెప్పగలిగాడో తర్వాత విడమరిచి చెప్పాడు. వైఫై వల్ల వేగం తగ్గితే ఆ వేగం నిలకడగా ఉండదు. తలుపు వేస్తే ఒకలా, పక్కవాళ్లు సినిమా పెడితే ఒకలా, పైకీ కిందికీ ఊగుతుంది. గోడ కట్టినట్టు ఒకే అంకె దగ్గర ఆగిందంటే అది వైరుదో, ప్లాన్‌దో. అందులోనూ 94 అనే అంకెకి ఒక గుర్తు ఉంది. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ లింకు మీద ప్రతి ప్యాకెట్‌కీ 1,538 బైట్లంత సమయం ఖర్చవుతుంది, అందులో మన ఫైలుకి చెందినవి 1,460 బైట్లే. నూటికి 95 కంటే కాస్త తక్కువ. అందుకే ఆ లింకు మీద ఎంత మంచి టెస్ట్ చేసినా 94 దగ్గర ఆగుతుంది. 94ని ఎనిమిదితో భాగిస్తే 11.75. బ్రౌజర్ ఎంబీని 1024 లెక్కన కడుతుంది కాబట్టి అదే 11.2గా కనబడుతుంది. ఇన్నాళ్లూ నా కళ్ల ముందు ఉన్న అంకె!

నమ్మకం కుదరడానికి ఇంట్లో వైఫైని విడిగా కొలిచి చూపించాడు. నా డెస్క్‌టాప్ రౌటర్‌కి వైరుతో తగిలించి ఉంది, ఆ పోర్టు గిగాబిట్‌దే. దానిలోనూ ల్యాప్‌టాప్‌లోనూ iperf3 అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టాడు. ఇది ఇంటర్నెట్ జోలికి పోకుండా రెండు కంప్యూటర్ల మధ్య మాత్రమే డేటా పంపి కొలుస్తుంది. డెస్క్‌టాప్‌లో మొదటి వరుస, ల్యాప్‌టాప్‌లో రెండోది:

```
iperf3 -s
iperf3 -c 192.168.1.10 -R
```

192.168.1.10 అన్నది మా డెస్క్‌టాప్ ఐపీ, మీ ఇంట్లో వేరే ఉంటుంది. చివర `-R` పెడితే డేటా డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి వస్తుంది, అంటే డౌన్‌లోడ్ దిశలో కొలుస్తుంది. రౌటర్ ఉన్న గదిలో 540 వచ్చింది. అదే గదిలో అదే నిమిషంలో ఇంటర్నెట్ టెస్ట్ 94. వైఫై 540 మోయగలిగినప్పుడు 94 దగ్గర అడ్డు పడుతున్నది రౌటర్‌కి అవతలే అని తేలిపోయింది. ఓఎన్‌టీ దాకా 300 వస్తోందని ఆ కుర్రాడు ముందే చూపించాడు. ఇక మిగిలింది ఆ రెంటి మధ్య ఉన్న కేబుల్, అది తగిలే రౌటర్ వ్యాన్ పోర్టు మాత్రమే.

రౌటర్ అడ్మిన్ పేజీ తెరిచాం. వ్యాన్ పోర్టు దగ్గర 100 Mbps Full Duplex అని స్పష్టంగా రాసి ఉంది. ఆ పేజీ నేను అంతకు ముందు పాస్‌వర్డ్ మార్చడానికి ఎన్నో సార్లు తెరిచాను, ఆ వరుస వైపు చూడలేదు. బావమరిది కేబుల్ రెండు చివర్లా టెస్టర్ తగిలించాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి. ఏడోది వెలగలేదు. తలుపు చట్రం దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచడానికి కొట్టిన మేకు క్లిప్పు మరీ బిగిసి, లోపల గోధుమ రంగు జతలో ఒక తీగ తెగింది.

ఈథర్నెట్ కేబుల్‌లో నాలుగు జతలు, ఎనిమిది తీగలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100కి మాత్రం నారింజ, ఆకుపచ్చ జతలు రెండు చాలు. వేగం ఎంతన్నది రెండు పోర్టులు మాట్లాడుకునేది కూడా ఆ రెండు జతల మీదే. అందుకే గోధుమ జత తెగినా కనెక్షన్ పోదు. చాలా పరికరాలు గిగాబిట్ ప్రయత్నించి, కుదరక, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఏ హెచ్చరికా రాదు. 100 ప్లాన్ ఉన్నన్నాళ్లు ఈ లోపం బయటపడే అవకాశమే లేదు, ఎందుకంటే 94 అంటే ప్లాన్‌కి తగ్గ వేగమే. 300కి పెంచాకే అది అడ్డం తిరిగింది. అంటే ప్లాన్ పెంచగానే వేగం మారకపోవడమే పెద్ద ఆధారం. ఆ ఆధారాన్ని నేను కంపెనీ మీదికి తిప్పాను.

క్లిప్పు ఊడదీసి, కొత్త క్యాట్ 6 కేబుల్ లాగి, జాక్‌లు క్రింప్ చేశాడు. అడ్మిన్ పేజీలో 1000 అని పడింది. వైఫై మీదే టెస్ట్ చేస్తే 290 పైన. 40 జీబీ ఫుటేజీ ఇరవై నిమిషాల లోపు దిగుతోంది. ఇంత మారినా వైఫై ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడు మొదటి రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే, 866/866. కేబుల్ తెగి ఉన్నప్పుడూ అదే, మార్చాకా అదే. ఫైబర్ మొత్తం పీకేసినా అదే చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య గాలి తప్ప దానికి ఇంకేమీ తెలియదు.

ఆ అంకె దేనికీ పనికిరాదని కాదు. నేను ఇప్పుడు దాన్ని సిగ్నల్ ఎలా ఉందో చూసుకోవడానికి వాడతాను. పడకగదిలోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొడితే,

```
netsh wlan show interfaces
```

Receive rate దగ్గర 390 కనబడుతుంది. గోడలు దాటాక సిగ్నల్ బలహీనపడి, ఒక్కో ఉప తరంగం 8 బిట్లకు బదులు 4 బిట్లే మోస్తోందన్నమాట. అక్కడ iperf3తో కొలిస్తే 230, 240 వస్తోంది. అంటే ఆ గదిలో నా 300 ప్లాన్ పూర్తిగా అందదు, అక్కడ తప్పు వైఫైదే. రౌటర్‌ని హాలు మధ్యకు జరిపితే ఈ అంకె పెరుగుతుంది. ఇక కొత్త కేబుల్ లాగినా, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకున్నా ఆ గదిలో ప్రయోజనం ఉండదు. ఇదే ఆదేశం ఇచ్చినప్పుడు అంకె కాసేపటికోసారి మారుతుంటుంది. రౌటర్, ల్యాప్‌టాప్ ఏ ఫ్రేమ్‌కి ఆ ఫ్రేమ్ తగిన వేగాన్ని ఎంచుకుంటాయి కాబట్టి అది సహజం.

రౌటర్ కొనేవాళ్లకు ఒక్క మాట. పెట్టె మీద AC1200 అని ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి రాసిన అంకె అది. మీ ల్యాప్‌టాప్ మామూలుగా ఈ రెంటిలో ఒకదానికే తగులుకుంటుంది. ఈ రకం చవక రౌటర్లలో చాలావాటికి వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. అలాంటిది కొంటే కేబుల్ ఎంత మంచిదైనా మీకు 94 దాటదు. పెట్టె వెనక సన్న అక్షరాల్లో పోర్టు గిగాబిట్ అని ఉందో లేదో చూసి తీసుకోండి.

ఆ కుర్రాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, క్షమించమన్నాను. "పర్లేదు సార్, చాలా ఇళ్లలో ఇదే గొడవ. అందరూ ఆ 866 చూపించి మమ్మల్నే అడుగుతారు" అన్నాడు.

మీ ఇంటికి అలాంటి వాళ్లెవరైనా రాకముందే మూడు అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ ల్యాప్‌టాప్ చూపించే లింక్ స్పీడులో సగం, రౌటర్ పేజీలో వ్యాన్ పోర్టు వేగం, మీరు డబ్బు కడుతున్న ప్లాన్. వేగం తక్కువైందని తోచినప్పుడు, ఈ మూడింటిలో చిన్నదానికి సరిపడా వస్తుంటే కంపెనీకి ఫోన్ చేయొద్దు, ఆ చిన్నదాన్ని బాగుచేసుకోండి. అంతకన్నా తక్కువ వస్తుంటే, ల్యాప్‌టాప్‌ని వైరుతో ఓఎన్‌టీకే తగిలించి ఒకసారి కొలవండి, అక్కడా ప్లాన్ కన్నా తక్కువైతే ఆ అంకె చేతిలో పెట్టుకుని అప్పుడు ఫిర్యాదు చేయండి.